ఉండవలసిన దృశ్యం పోయింది, పోవలసినది ఉండిపోయింది: నిఘా కెమెరాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నివాస భవనాలలో, కార్యాలయాలలో, విద్యాలయాలలో, ఆసుపత్రులలో నిఘా కెమెరాలు నడిపే నిర్వాహకులకు, ఆయా సంఘాల బాధ్యులకు, ఆ పరికరాలను అమర్చి మరమ్మతు చేసే సాంకేతిక నిపుణులకు,

నమస్కారాలు.

మీలో చాలామంది ఈ బాధ్యతను ఇతర పనుల మధ్య, ప్రత్యేకమైన శిక్షణ ఏదీ లేకుండానే మోస్తున్నారని నాకు తెలుసు. కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణ నా ఉద్యోగం కాబట్టి, కెమెరాల దృశ్యాలను దాచే రికార్డర్ల సంగతి కొంత దగ్గరగా చూసినదాన్ని. మా అమ్మ విషయమై మేముండే భవన సంఘానికి మూడు లేఖలు రాశాను. ఒక్కదానికీ సమాధానం రాలేదు. ఆ సంఘాన్ని పేరు పెట్టి నిలదీయడం నా ఉద్దేశం కాదు. మాకు జరిగినది ఎక్కడైనా జరగగలదని, చాలాచోట్ల ఇప్పటికే జరుగుతూ ఉండవచ్చని అర్థమైనందువల్ల ఈ లేఖ మీ అందరికీ రాస్తున్నాను.

ముందుగా జరిగింది జరిగినట్లు చెప్తాను. ఒక రోజు ఉదయం ఆరుగంటల నలభై నిమిషాలకు మా అమ్మ మెట్ల మలుపు దగ్గర తడి నేల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స, ఆసుపత్రి, మందుల మధ్య మాకు మరో ఆలోచన రాలేదు. తొమ్మిదో రోజున ఆమె కాస్త కుదుటపడి, అక్కడ నీళ్లు ఉన్నాయని, హెచ్చరిక బల్ల ఏదీ లేదని చెప్పింది. ఆ మెట్లను చూపే కెమెరాలు రెండు ఉన్నాయి. ఆ నీళ్లు ఎవరు వదిలారు, ఎంతసేపటి నుంచి ఉన్నాయి, ఎవరైనా చూసి కూడా తుడవకుండా వెళ్లారా అన్నది తేలాలంటే ఆమె పడిన క్షణం ఒక్కటే సరిపోదు, దానికి ముందరి అరగంట కావాలి. అదే రోజు నిర్వాహకునికి రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. ఆయన మర్యాదగానే, "మన దగ్గర ముప్పై రోజులది ఉంటుందమ్మా, తొందరేమీ లేదు, సమావేశంలో పెట్టి చెప్తాం" అన్నారు. ప్రవేశద్వారం దగ్గరి పలకపైన కూడా ముప్పై రోజులనే రాసి ఉంది.

పదిహేనో రోజు ఉదయం పది గంటలకు మమ్మల్ని రికార్డర్ ముందు కూర్చోబెట్టారు. అందులో అన్నిటికన్నా పాత దృశ్యం మూడో రోజు రాత్రిది. అంతకు ముందరిది ఏ కెమెరాలోనూ లేదు. ఎవరో చెరిపివేశారని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు. డిస్కు నిండగానే అన్నిటికన్నా పాత భాగం మీద కొత్త దృశ్యాన్ని రాసుకుంటూ పోవడం ఈ యంత్రాల సహజ పద్ధతి. రికార్డర్ తెరపై `Overwrite` అని కనిపించే అమరిక ఈ పనే చేస్తుంది. యంత్రం తన పని తాను చేసింది. ముప్పై రోజులన్న మాటే తప్పు, ఆ తప్పు ఎలా వచ్చిందో మీరు గమనించాలి.

ఆ భవనంలో మొదట అమర్చినవి ఎనిమిది కెమెరాలు. ఒక్కొక్క కెమెరా సెకనుకు 3 మెగాబిట్ల వేగంతో రాత్రింబవళ్లు రికార్డు చేసేది. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక ఆ వేగం రోజుకు 32.4 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది కెమెరాలకు రోజుకు 259 గిగాబైట్లు. రికార్డర్‌లో ఉన్నది 8 టెరాబైట్ల, అంటే 8,000 గిగాబైట్ల డిస్కు. భాగిస్తే దాదాపు 31 రోజులు వస్తుంది. అంటే పలక రాసిన నాడు ముప్పై రోజులన్నది నిజమే. తరువాత మరో ఎనిమిది కెమెరాలు పెట్టారు. ముఖాలు స్పష్టంగా కనిపించాలని అన్నిటి వేగాన్నీ 4 మెగాబిట్లకు పెంచారు. ఒక్కొక్క కెమెరాకు రోజుకు 43.2 గిగాబైట్లు, పదహారింటికి 691 గిగాబైట్లు. డిస్కు మాత్రం అదే. ఇప్పుడు భాగిస్తే పదకొండున్నర రోజులు. కెమెరాలు పెంచిన రోజు అందరూ భద్రత పెరిగిందనుకున్నారు. నిల్వ కాలం దాదాపు మూడింట ఒక వంతుకు పడిపోయిందని ఎవరూ గమనించలేదు, అమర్చిన నిపుణుడు చెప్పనూ లేదు, పలక మారనూ లేదు.

ఆ లెక్కన మా అమ్మ పడిన ఉదయం తాలూకు దృశ్యం పన్నెండో రోజు రాత్రి చెరిగిపోయింది. నేను తొమ్మిదో రోజున విన్నపం ఇచ్చేసరికి అది డిస్కులో క్షేమంగా ఉంది. ఇంకా మూడు రోజులకు పైగా గడువు ఉంది. రెండు కెమెరాల అరగంట దృశ్యం మొత్తం 1.8 గిగాబైట్లు. చిన్న పెన్ డ్రైవ్‌లో పట్టేంత. దానిని తీసి పక్కన పెట్టే పని పావుగంట కూడా పట్టదు. ఆ పావుగంట పని సమావేశం కోసం ఆగింది.

ఇది సగమే. రెండు నెలల తరువాత నా ఫోనుకు ఒక దృశ్యం వచ్చింది. పద్నాలుగు సెకన్లది. మా అమ్మ కాలు జారడం, పడటం, బట్టలు సర్దుకోవడానికి ప్రయత్నించి లేవలేకపోవడం. రికార్డర్ తెరకు ఎదురుగా ఫోను పట్టుకుని ఎవరో తీసినది. తెర అంచు, దాని మీద పడిన గది దీపం వెలుగు కూడా అందులో కనిపిస్తున్నాయి. ఎవరి ఫోను నుంచి బయలుదేరిందో తెలియదు, నాకు చేరేసరికి ఎన్ని గ్రూపులు దాటిందో తెలియదు. నేల మీద నీళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయో చూపే అరగంట పోయింది. ఒక వృద్ధురాలి నిస్సహాయతను చూపే పద్నాలుగు సెకన్లు మాత్రం మిగిలి తిరుగుతున్నాయి. మా అమ్మ ఇప్పుడు మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే తలుపు దగ్గరే ఆగి, వాళ్లు వెళ్లేదాకా బయటికి రాదు.

ఒకే దృశ్యం విషయంలో రెండు వైఫల్యాలు కలిసి జరిగాయి. నిలపవలసిన దానిని నిలపడానికి ఎవరి దగ్గరా పద్ధతి లేదు. పోవలసినది పోయేలా చూడటానికి కూడా ఎవరి దగ్గరా పద్ధతి లేదు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావని, ఒకే నిర్లక్ష్యానికి రెండు ముఖాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందువల్ల ఈ క్రింది విషయాలను మీ ముందు ఉంచి, ప్రతిదానినీ అమలు చేయవలసిందిగా కోరుతున్నాను.

1. ముందు భద్రపరచండి, నిర్ణయం తరువాత తీసుకోండి.

దృశ్యాన్ని అడిగినవారికి ఇవ్వాలా వద్దా, చూపాలా వద్దా, పోలీసులకే ఇవ్వాలా అన్నవి ఆలోచించి తేల్చుకోవలసిన ప్రశ్నలే. అందులో ఇతరుల ముఖాలు కూడా ఉంటాయి కనుక మీరు జాగ్రత్త పడటంలో తప్పు లేదు. కానీ ఆ ఆలోచన జరుగుతున్నంతసేపూ యంత్రం ఆగదు. యూరప్ దేశాల డేటా పరిరక్షణ చట్టం తన దృశ్యాన్ని అడిగిన వ్యక్తికి జవాబు ఇవ్వడానికి సంస్థకు ఒక నెల గడువు ఇస్తుంది. పదకొండు రోజుల డిస్కు ముందు ఆ ఒక నెల గడువుకు అర్థమే ఉండదు. కాబట్టి విన్నపం అందిన రోజునే, ఎవరి అనుమతికీ ఎదురు చూడకుండా, ఆ సమయం తాలూకు దృశ్యాన్ని వేరుచేసి దాచే అధికారం విధుల్లో ఉన్న వ్యక్తికి ముందే రాసి ఇవ్వండి. దాచడం అంటే ఇవ్వడం కాదు, చూడటం కూడా కాదు. ఈ తేడా నిర్వాహకులకు బోధపడితే చాలు, సగం వివాదాలు పుట్టవు.

ఆ దాచే పని కూడా సరిగా జరగాలి. చాలా రికార్డర్లలో ఒక భాగాన్ని చెరగకుండా తాళం వేసే సదుపాయం ఉంటుంది. అది మంచిదే, కానీ అది మొదటి అడుగు మాత్రమే. డిస్కు చెడిపోతే తాళం వేసినది కూడా దానితోపాటే పోతుంది. అందువల్ల తాళం వేసిన వెంటనే దానిని రికార్డర్ సొంత ఎగుమతి సదుపాయంతో బయటికి తీసి, రెండు వేర్వేరు సాధనాలలో రెండు ప్రతులు ఉంచాలి. సంఘటనకు ముందు కనీసం అరగంట, తరువాత అరగంట కలిపి తీయాలి. ఒక్క కెమెరాది కాక ఆ దారిని చూపే కెమెరాలన్నిటిదీ తీయాలి. తెరను ఫోనుతో తీయడం ఎగుమతి కాదు. అందులో స్పష్టత పోతుంది, అసలు సమయ వివరాలు పోతాయి, రేపు ఎవరైనా అది మార్చినదంటే నిరూపించడానికి ఏమీ మిగలదు.

ప్రతిని తీసిన నిమిషంలోనే దానికి ఒక గణిత ముద్ర తీసి పుస్తకంలో రాసిపెట్టండి. విండోస్ కంప్యూటర్‌లో అదనంగా ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేకుండా ఈ ఒక్క ఆదేశం సరిపోతుంది:

```
certutil -hashfile clip.mp4 SHA256
```

ఇందులో `clip.mp4` బదులు మీ ఫైలు పేరు రాయాలి. వచ్చే 64 అక్షరాల వరుస ఆ ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క బిట్టు మారినా వరుస మొత్తం మారిపోతుంది. ఆరు నెలల తరువాత కూడా అదే వరుస వస్తే, దాచిన నాటి నుంచి ఆ ఫైలును ఎవరూ మార్చలేదని ఇరుపక్షాలకూ చెప్పవచ్చు. ముద్ర తీయడానికి ముందే మార్పు జరగలేదని మాత్రం ఇది చెప్పలేదు. అందుకే దానిని ఎంత త్వరగా తీస్తే అంత విలువ.

2. పలకపైన నిజమైన రోజులు రాయండి, ప్రతి నెలా సరిచూడండి.

నేను పైన చెప్పిన భాగాహారం చేయడం ఎవరికీ కష్టం కాదు. కానీ దానికన్నా తేలికైన పరీక్ష ఒకటి ఉంది. రికార్డర్‌లో పాత దృశ్యాలు చూసే చోటికి వెళ్లి, ఒక్కొక్క కెమెరాకు అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూసి, ఈ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. వచ్చినదే మీ నిల్వ కాలం. ఒప్పందంలో ఉన్నదీ, అమర్చినవారు మాటగా చెప్పినదీ కాదు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే అమరిక పెట్టుకున్నవారికి ఈ సంఖ్య స్థిరంగా ఉండదు, జనసంచారం పెరిగిన వారాల్లో తగ్గిపోతుంది. వారు తక్కువ వచ్చిన సంఖ్యనే నమ్మాలి.

ఈ పరీక్షలోనే మరో విషయం కూడా బయటపడుతుంది. తెరపైన కెమెరాలన్నీ సజీవంగా కనిపిస్తూ ఉండగానే డిస్కు చెడిపోయి రికార్డింగు ఆగిపోయి ఉండవచ్చు. ప్రత్యక్షంగా కనిపించడానికి డిస్కు అక్కర్లేదు కనుక కాపలాదారుకు అనుమానం రాదు. పాత తేదీ కోసం వెతికినవారికి మాత్రమే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది.

సాంకేతిక నిపుణులకు నా ప్రత్యేక విన్నపం: మీరు కెమెరా చేర్చినప్పుడల్లా, స్పష్టత పెంచినప్పుడల్లా, మారిన నిల్వ కాలాన్ని పని రసీదు మీదే రాసి ఇవ్వండి. మా భవనంలో ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే, ముప్పై రోజులు కావాలంటే సుమారు 21 టెరాబైట్లు అవసరమని నిర్వాహకులకు తెలిసేది. అంత ఖర్చు వద్దనుకుంటే కనీసం పలక మార్చి ఉండేవారు, నాకు తొందరేమీ లేదని చెప్పి ఉండేవారు కాదు.

3. ఎంతకాలం అన్నదానిని, నష్టపోయినవారు వచ్చి అడగగలిగే కాలంతో కొలవండి.

ఎక్కువ రోజులు దాస్తే ఎక్కువ మేలు అని చాలామంది అనుకుంటారు. నేను ఈ లేఖ రాస్తున్నది దృశ్యం పోయినందుకే అయినా, ఏడాదిపాటు అందరి రాకపోకలూ దాచమని నేను అడగడం లేదు. ఎవరు ఎన్ని గంటలకు ఇంటికి వస్తారు, ఎవరితో వస్తారు, ఏ రోజుల్లో ఇల్లు ఖాళీగా ఉంటుంది అన్నవన్నీ ఆ డిస్కులో ఉంటాయి. అది దొంగచేతికి చిక్కినా, ద్వేషించే బంధువు చేతికి చిక్కినా ప్రమాదమే.

ఈ విషయంలో రెండు అధికారిక సంస్థలు చెప్పినవి పక్కపక్కన పెట్టి చూడండి. యూరోపియన్ డేటా పరిరక్షణ మండలి 2020 జనవరిలో ఖరారు చేసిన మార్గదర్శకాలలో, నిల్వ 72 గంటలు దాటే కొద్దీ అంత బలమైన కారణం చూపాలని చెప్పింది. చిన్న దుకాణం యజమాని తన దుకాణానికి జరిగిన నష్టాన్ని సాధారణంగా అదే రోజు గమనిస్తాడు కనుక అతనికి 24 గంటలు చాలునని, వారాంతాలు, పెద్ద సెలవులు వస్తే కొంత పెంచుకోవచ్చునని ఉదాహరణ ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరు 2న భారత సుప్రీంకోర్టు పోలీసు ఠాణాలలోని కెమెరాల దృశ్యాలను 18 నెలలు దాచాలని, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరకని చోట సైతం ఏడాదికి తగ్గకూడదని ఆదేశించింది. ఒకచోట ఒక రోజు, మరోచోట ఏడాదిన్నర. పైకి పొంతన లేనట్లున్నా రెండింటి వెనుక ఉన్న తర్కం ఒకటే. తన సొత్తు తానే చూసుకునే యజమాని మరునాటికి ఫిర్యాదు చేయగలడు. నిర్బంధంలో దెబ్బలు తిన్న మనిషి బయటికి రావడానికి, భయం తీరడానికి, తన మాట వినేవారిని వెతుక్కోవడానికి నెలలు పడుతుంది.

మీ భవనంలో అలా ఆలోచించండి. వాహనం పోయినవారు మరునాడే వస్తారు. ఊరికి వెళ్లినవారి ఇంట్లో దొంగతనం వాళ్లు తిరిగి వచ్చాకే తెలుస్తుంది. మా అమ్మలా ఆసుపత్రి పాలైనవారు పది రోజుల తరువాత వస్తారు. ఈ లెక్కన సాధారణ నివాస భవనానికి ముప్పై రోజులు సబబని నా అభిప్రాయం, కానీ అది నిజంగా ముప్పై కావాలి. ప్రవేశద్వారానికీ మెట్లకూ ఆ కాలం ఉంచి, ఎవరికీ పెద్దగా అవసరంలేని వెనుక గోడ కెమెరాకు వారం చాలనుకుంటే డిస్కు కూడా కలిసివస్తుంది. ఒక్కొక్క కెమెరాకు వేరే గడువు పెట్టే సదుపాయం అనేక రికార్డర్లలో ఉంది. డిస్కు ఎంత పెద్దదైతే అంతకాలం అన్నది నిర్ణయం కాదు, నిర్ణయం లేకపోవడం. పెద్ద డిస్కు కొన్నవారు గడువు అమరికను కూడా పెట్టుకుని, ముప్పై ఒకటో రోజున దానంతట అదే చెరిగేలా చూడాలి.

4. రికార్డర్ గడియారాన్ని సరిచేయండి.

పదిహేనో రోజున మేము చూసినప్పుడు ఆ గడియారం 23 నిమిషాలు వెనుకబడి ఉంది. దృశ్యం మిగిలే ఉండి, ఎవరైనా ఆరున్నర నుంచి ఆరు యాభై వరకు తీసి ఇచ్చి ఉంటే, అందులో వచ్చేది నిజానికి ఆరు యాభైమూడు నుంచి జరిగినది. మా అమ్మను అప్పటికే లేవనెత్తి తీసుకుపోయారు. ఖాళీ మెట్లు కనిపించేవి, అక్కడ ఏమీ జరగలేదని ఎవరైనా నమ్మేవారు. రికార్డర్‌ను నెట్‌వర్క్ ద్వారా సమయం తీసుకునేలా పెట్టండి. అది వీలుకాని చోట ప్రతి నెలా పాత తేదీ పరీక్ష చేసేటప్పుడే గడియారం కూడా చూసి, తేడా ఎంత ఉందో పుస్తకంలో రాసిన తరువాతనే సరిచేయండి. తేడా రాయకుండా సరిచేస్తే అంతకుముందు దాచిన దృశ్యాల సమయం ఇక ఎవరికీ తెలియదు.

5. ఎవరు చూడవచ్చో, ఎవరు తీయవచ్చో వేరుచేయండి.

మా భవనంలో అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. కాపలావారు, నిర్వాహకుడు, మరమ్మతుకు వచ్చే నిపుణుడు, పాత సంఘంలో ఉండి మానేసినవారు అందరూ అదే వాడుతున్నారు. అది రికార్డర్ పక్కన గోడ మీద కాగితంపై రాసి ఉంది. మా అమ్మ దృశ్యాన్ని ఎవరు తెరిచి చూశారో రికార్డర్ చిట్టాలో వెతికితే, అన్నిటి ఎదుటా ఒకే పేరు కనిపించింది. పద్నాలుగు సెకన్లు ఎవరి చేతి నుంచి బయటికి వెళ్లాయో నేను ఎప్పటికీ తెలుసుకోలేను.

ప్రతి మనిషికీ వేరే ఖాతా ఇవ్వండి. కాపలావారికి ప్రత్యక్ష దృశ్యం చాలు, పాతవి తిరగేసి చూసే హక్కు అక్కర్లేదు. ఎగుమతి చేసే హక్కు ఇద్దరికి మించి ఉండకూడదు. పని మానేసిన వారి ఖాతాను ఆ రోజే మూసివేయండి. రికార్డర్‌ను కాపలా బల్ల కింద కాక తాళం వేసిన గదిలో పెట్టండి, ఆ గదిలోకి ఫోను తీసుకువెళ్లకూడదని నియమం పెట్టండి. తెరను ఫోనుతో తీయడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు, దానికి గది తలుపే అడ్డు.

బయటి నుంచి వచ్చే ప్రమాదం కూడా చిన్నది కాదు. ఇంటి నుంచి ఫోనులో చూసుకోవాలన్న కోరికతో రౌటర్‌లో దారి తెరిచి, రికార్డర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు చూపిస్తారు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, తయారీదారులు మొదట పెట్టిన పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జతలు పట్టుకుని ఇంటర్నెట్ అంతా తిరిగి, మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుంది. దానికి ఏ గొప్ప నైపుణ్యమూ అవసరం కాలేదు. కాబట్టి ఆ దారి మూసివేయండి. దూరం నుంచి చూడటం తప్పదనుకుంటే వీపీఎన్ అనే రహస్య సంకేతాల సురక్షిత మార్గం ద్వారా మాత్రమే చూసేలా అమర్చమని మీ నిపుణుడిని అడగండి, తయారీదారు ఇచ్చే భద్రతా సవరణలను ఎప్పటికప్పుడు వేయించండి.

6. చెరపడానికి కూడా తేదీ ఉండాలి.

పక్కన దాచిన ప్రతి దృశ్యానికీ పుస్తకంలో ఒక వరుస ఉండాలి. ఎవరు అడిగారు, ఏ కెమెరా, ఏ సమయం, ఎవరు తీశారు, ముద్ర ఏమిటి, ప్రతులు ఎక్కడ ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు చూడాలి. తొంభై రోజులకొకసారి ఆ వరుసలు చూసి, వివాదం ముగిసిన వాటి ప్రతులన్నీ చెరిపి, చెరిపిన తేదీ రాయండి. న్యాయస్థానంలో ఉన్నవాటిని ముట్టకండి. ఈ పుస్తకం లేని చోట దృశ్యాలు నిర్వాహకుడి మెయిల్‌లోనూ, ఎవరో మరిచిపోయిన పెన్ డ్రైవ్‌లోనూ ఏళ్ల తరబడి ఉండిపోతాయి. రికార్డర్ మాత్రం పదకొండు రోజులకే చెరిపేసుకుని, అంతా నియమం ప్రకారమే జరుగుతోందన్న భ్రమ కలిగిస్తుంది.

డిస్కు మార్చే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. పాత డిస్కు మరమ్మతుకో, వారంటీకో, పాత సామాన్లకో వెళ్లినప్పుడు మీ భవనంలోని అందరి చివరి రోజుల రాకపోకలూ దానితోపాటే వెళ్తాయి. రికార్డర్‌లో ఫార్మాట్ చేసినంత మాత్రాన అవి పోవు. తేలికైన ఫార్మాట్ విషయసూచికను మాత్రమే తుడుస్తుంది, దృశ్యాలు కింద అలాగే ఉంటాయి, వాటిని తిరిగి రాబట్టే ప్రోగ్రాములు దొరుకుతాయి. డిస్కు పనిచేస్తుంటే ఆ మొత్తం మీద సున్నాలు రాయించండి. 8 టెరాబైట్లకు సగం రోజుకు పైగా పడుతుంది, అయినా రాయించండి. పనిచేయకపోతే మీ కళ్ల ముందే డిస్కు లోపల దృశ్యాలు ఉండే పళ్లేలకు రంధ్రాలు వేయించి, ఆ పని చేసినట్లు సంతకం తీసుకోండి. కెమెరాలోనే ఉండే మెమరీ కార్డులను కూడా లెక్కలో పెట్టండి, వాటిని తిరిగి వాడుకోవాలని చూడకుండా పగలగొట్టించడమే మంచిది.

ఇవన్నీ ఒకేసారి చేయడం కష్టమైతే, ఈ వారంలో రెండు పనులు చేయవలసిందిగా అభ్యర్థిస్తున్నాను. ఒకటి, మీ రికార్డర్‌లో అన్నిటికన్నా పాత తేదీ చూసి, వచ్చిన సంఖ్యను పలకపైన రాయండి. రెండు, విన్నపం అందిన రోజే దృశ్యాన్ని పక్కన పెట్టే అధికారాన్ని ఒక మనిషికి రాసి ఇచ్చి, ఆ మనిషి ఎవరో అందరికీ తెలియజేయండి. మా సంఘానికి రాసిన మూడు లేఖల్లోనూ నేను అడిగినవి ఈ రెండే. మా అమ్మ విషయంలో అవి ఇక పనికిరావని తెలిసే అడిగాను.

ఈ లేఖ చదివే మిగతా వారికి ఒక్క మాట. మెట్ల మీద జారిపడిన ఒక పెద్దావిడ దృశ్యం మీ ఫోనులోకి ఎప్పుడైనా వచ్చి ఉంటే, అది మా అమ్మది కావచ్చు. దయచేసి దానిని చెరపండి, పంపినవారికి కూడా చెరపమని చెప్పండి.

ఇట్లు,
ఆమె కుమార్తె